రెండో తరగతి పాఠానికి లక్ష్యాన్ని పిల్లల మాటల్లో చెప్పడం

ప్రశ్న: నేను మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతికి పాఠాలు చెబుతున్నాను. పాఠ్య ప్రణాళికలో అభ్యసన ఫలితాలు రాస్తున్నాను, వాటినే నల్లబల్ల మీద కూడా రాస్తున్నాను. మొన్న పర్యవేక్షణకు వచ్చిన అధికారి ఒక పాపను “ఈ రోజు ఏం నేర్చుకుంటున్నావమ్మా?” అని అడిగితే, “లెక్కలు చేస్తున్నాం సార్” అని చెప్పింది. ఏడేళ్ల పిల్లలకు పాఠం లక్ష్యాన్ని, అది సాధించామని వాళ్లే తెలుసుకునే గుర్తులను ఎలాంటి మాటల్లో చెప్పాలి? వేర్వేరు విషయాల నుంచి ఉదాహరణలు ఇవ్వగలరు.
— ఒక ఉపాధ్యాయిని, పల్నాడు జిల్లా

సమాధానం:

ఆ పాప అబద్ధం చెప్పలేదు, తన చేతిలో ఉన్న పని చెప్పింది. ఏడేళ్ల వయసులో పిల్లలకు కనిపించేది పనే: పేజీ, లెక్క, బొమ్మ, రంగు. ఆ పని వెనుక ఏ నేర్పు కోసం ప్రయత్నిస్తున్నారో ఎవరైనా విడిగా చెబితేనే వాళ్లకు తెలుస్తుంది. అందువల్ల మీరు మొదట చేయవలసింది పాఠ్య ప్రణాళికలోని వాక్యాన్ని తేలిక మాటల్లోకి మార్చడం కాదు, పనిని, నేర్పును వేరు చేసుకోవడం. “మేక గురించి నాలుగు వాక్యాలు రాయడం” పని. “చూడని వాళ్లకు కూడా కళ్లకు కట్టేలా చెప్పడం” నేర్పు. ఇదే నేర్పును రేపు మామిడి పండు మీదా, ఎల్లుండి అమ్మమ్మగారి ఇంటి మీదా ప్రయోగించవచ్చు. మేకను లక్ష్యంలోనే కలిపేస్తే పిల్లలు మేకను గుర్తుపెట్టుకుంటారు, నేర్పును అక్కడే వదిలేస్తారు. బ్రిటన్‌లో తరగతి గది మూల్యాంకనంపై చాలాకాలం పనిచేసిన షెర్లీ క్లార్క్ కూడా లక్ష్యాన్ని, దాని సందర్భాన్ని కలపకూడదని గట్టిగా చెబుతారు.

రెండో జాగ్రత్త పరిమాణానికి సంబంధించినది. 2021లో మొదలైన నిపుణ్ భారత్‌లో రెండో తరగతి పూర్తయ్యేనాటికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు భావంతో చదవాలని, 999 వరకు సంఖ్యలు చదివి రాయాలని, 99 వరకు సంఖ్యల తీసివేతలు చేయాలని ఉంది. ఇవి సంవత్సరపు గమ్యాలు, నలభై నిమిషాల పీరియడుకు లక్ష్యాలు కావు. వీటిని అలాగే పిల్లల ముందు పెట్టడంలో మరో ప్రమాదం ఉంది. “నిమిషానికి 45 పదాలు” అనే మాట చెవిన పడిన పిల్లలు అర్థాన్ని వదిలేసి పరుగు తీస్తారు. ఆ కొలత మీ రిజిస్టరులో ఉండాలి, వాళ్ల ముందు ఉండకూడదు.

ఇక ఒక గణిత పాఠాన్ని పూర్తిగా చూద్దాం. ప్రణాళికలో మీరు “విద్యార్థులు స్థానమార్పిడితో కూడిన రెండంకెల సంఖ్యల సంకలనాన్ని అవగాహన చేసుకుంటారు” అని రాసి ఉంటారు. అవగాహన చేసుకున్నారో లేదో బయటికి కనిపించదు, కాబట్టి పిల్లలు దాన్ని తమలో తాము చూసుకోలేరు. దానికి బదులుగా మీరు నోటితో చెప్పవలసిన మాట ఇది: “విడి పుల్లలు పదికి మించితే ఏం చేయాలో ఈ రోజు నేర్చుకుంటున్నాం.” నిన్నటి వరకు వాళ్లు చీపురు పుల్లలను పదేసి చొప్పున రబ్బరు బ్యాండుతో కట్టలు కట్టి ఉంటేనే ఈ వాక్యం వారికి అందుతుంది. కట్ట అంటే ఏమిటో చేతితో తెలియని తరగతిలో ఎంత తేలిక మాటైనా పనిచేయదు. అలాంటప్పుడు ఆ రోజు లక్ష్యం కట్టలు కట్టడమే కావాలి.

38, 25 కలపాలనుకుందాం. మూడు కట్టలు, ఎనిమిది పుల్లలు ఒకవైపు. రెండు కట్టలు, అయిదు పుల్లలు మరోవైపు. విడి పుల్లలు పదమూడవుతాయి, అందులో పదింటిని కట్టగా కడితే మూడు మిగులుతాయి, కట్టలు మొత్తం ఆరవుతాయి, జవాబు 63. ఈ లెక్కలో రెండో తరగతి పిల్లలు చేసే పొరపాట్లు ప్రధానంగా రెండు. కొందరు పదమూడును అలాగే కింద రాసి, దాని పక్కన అయిదు వేసి 513 అంటారు. కొందరు మూడు రాసి, కట్టిన కట్టను మరచిపోయి 53 అంటారు. మీ గుర్తులు ఈ రెండు పొరపాట్ల నుంచే పుట్టాలి. గుర్తు అంటే పిల్లలు జారిపోయే చోటును ముందుగానే చూపించే వాక్యం. ఎవరూ జారని చోట గుర్తు పెట్టడం వల్ల బోర్డు నిండుతుందే తప్ప ప్రయోజనం లేదు.

ఆ గుర్తులను మీరే రాసి చదివి వినిపించకండి. బోర్డు మీద ఒకే లెక్కను రెండుసార్లు వేయండి. 27, 16 కలిపితే ఒకచోట 43, మరోచోట 33 వచ్చినట్లు చూపించి, ఏది సరైనదో, రెండోదానిలో ఏం జరిగిందో పుల్లలతో చేసి చెప్పమని అడగండి. “ఆ కట్ట ఎక్కడికి పోయింది టీచర్?” అని ఎవరో ఒకరు అంటారు. అదే మీకు కావలసిన వాక్యం; ఆ మాటనే బోర్డు మీద పెట్టండి. ఆ మాటలతో వచ్చే గుర్తులు ఇలా ఉండవచ్చు: “పుల్లలను ముందు కలిపాను. పది అయితే కట్ట కట్టి పదుల గడిలోకి పంపాను. పంపిన కట్టను కూడా లెక్కపెట్టాను.” మూడు వాక్యాలూ ‘చేశాను’ అన్న తీరులో ఉన్నాయి, ఎందుకంటే పిల్లలు తమ నోటుపుస్తకం చూసుకుని అవునో కాదో చెప్పగలిగేది చేసిన పని గురించే. “జాగ్రత్తగా చేస్తాను”, “బాగా చేశాను” అన్న వాటికి పుస్తకంలో ఆధారం దొరకదు. “అయిదింటిలో నాలుగు సరిగ్గా చేశాను” అన్నది కూడా గుర్తు కాదు. అది ఫలితాన్ని చెబుతుంది కానీ, తప్పిన ఆ ఒక్క లెక్కను ఎలా సరిచేసుకోవాలో చెప్పదు.

రెండో గుర్తులో “పది అయితే” అన్న మాటను వదలకండి. ఇచ్చిన లెక్కలన్నీ కట్ట కట్టవలసినవే అయితే, మూడో లెక్కకల్లా పిల్లలు ఆలోచించడం మానేసి ప్రతిచోటా పైన ఒకటి వేస్తారు. మధ్యలో 34, 25 లాంటి లెక్క ఒకటి ఉంచండి. దానికి 59కి బదులు 69 వచ్చిందంటే ఆ పాప గుర్తును పాటించడం లేదు, అలవాటును పాటిస్తోంది అని మీకు తెలుస్తుంది. మరొకరు 38, 25 కలిపి 62 రాశారనుకోండి. కట్ట కట్టారు, పంపారు, లెక్కపెట్టారు. ఎనిమిది, అయిదు కలపడంలో మాత్రమే పొరపాటు. ఆ పిల్లవాడు ఈ రోజు లక్ష్యాన్ని అందుకున్నాడు. అతనికి కావలసింది ఇరవై లోపు కూడికల సాధన, అది మరో రోజు పాఠం. గుర్తులు లేకపోతే 513, 53, 62 మూడింటికీ ఒకే ఎర్ర ఇంటూ పడుతుంది. ఉంటే మూడూ మూడు వేర్వేరు సంగతులు చెబుతాయి. నా దృష్టిలో గుర్తులు రాసుకోవడం వల్ల ఉపాధ్యాయులకు కలిగే అసలు లాభం ఇదే.

వాటిని వాడవలసిన సమయం పాఠం చివర కాదు. రెండు లెక్కలు అవగానే పెన్సిళ్లు కింద పెట్టించి, “మూడో గుర్తు చూడండి, పంపిన కట్ట మీ లెక్కలో ఎక్కడ ఉందో పక్కవాళ్లకు వేలితో చూపించండి” అనండి. చూపించలేని వారు అప్పుడే సరిచేసుకుంటారు. అయిదు లెక్కలూ అయ్యాక చెబితే వాళ్లు అదే తప్పును అయిదుసార్లు సాధన చేసినట్లవుతుంది.

తెలుగు పాఠంలో, సంయుక్తాక్షరాలకన్నా ముందు వచ్చే ద్విత్వాక్షరాలను తీసుకుందాం. “ద్విత్వాక్షర పదాలను ధారాళంగా చదువుతారు” అన్నది ప్రణాళిక వాక్యం. పిల్లలకు “ఒత్తును వదలకుండా చదవడం నేర్చుకుంటున్నాం” అని చెబితే చాలు. ‘ఒత్తు’ వాళ్లు రోజూ వినే మాటే. ముందుగా గడి, గడ్డి అన్న రెండు పదాలు పక్కపక్కన రాసి చదివించండి. బోర్డు మీద గడి గీసి, కిటికీలోంచి గడ్డి చూపిస్తే, ఒత్తు వదిలితే మాటే మారిపోతుందని వివరించనవసరం లేకుండానే అర్థమవుతుంది. అప్పుడు గుర్తులు: “ఒత్తు ఎక్కడుందో వేలు పెట్టాను. అది ఏ అక్షరం ఒత్తో చెప్పాను. పదాన్ని ఆగకుండా మళ్లీ ఒకసారి చదివాను.” మొదట్లో పిల్లలు ఒత్తు దగ్గర ఆగడం సహజం, ఆగనివ్వాలి, అయితే ఆగి చదివిన పదాన్ని మళ్లీ కలిపి చదవకపోతే అర్థం అందదు, అందుకే మూడో గుర్తు.

రెండో గుర్తు అందరికీ ఒకే రకంగా పనిచేయదు. గ, డ వంటి అక్షరాల ఒత్తులు తలకట్టు తీసేసిన అక్షరాల్లాగే ఉంటాయి కాబట్టి మొగ్గ, గడ్డి పిల్లలకు త్వరగా వస్తాయి. త, న, మ, య, ర, ల ఒత్తులు అక్షరాన్ని పోలి ఉండవు. కత్తి, అన్నం, అమ్మ, పిల్ల వంటి పదాలను చూసిన అలవాటుతో చదివేస్తారు తప్ప, ఒత్తును గుర్తుపట్టి చదవరు. అన్నం అని చదివిన పిల్లవాడికి వెంటనే ‘గిన్నె’, ‘వెన్న’ ఇచ్చి చూస్తే నిజం బయటపడుతుంది. అందువల్ల ఈ పాఠాన్ని రెండు రోజులుగా విడదీసి, మొదటి రోజు పోలిక ఉన్న ఒత్తులు, రెండో రోజు పోలిక లేని ఒత్తులు పెట్టుకోవడం మంచిది. లక్ష్యం, గుర్తులు అవే ఉంటాయి, పదాలు మారతాయి.

రాత విషయంలో మరికొంత ఆలోచించాలి. పైన చెప్పిన మేక వర్ణనకు “రంగు రాశాను, ఎంత ఉంటుందో రాశాను, ఏం తింటుందో రాశాను” అని గుర్తులు పెడితే తరగతిలోని పిల్లలందరూ అవే మూడు వాక్యాలు రాస్తారు, ఇరవై మేకలూ ఒకే మేకలా ఉంటాయి. కూడికలో ప్రతి గుర్తూ తప్పనిసరి. ఒక్కటి వదిలినా జవాబు తప్పుతుంది. రాతలోనూ బొమ్మల్లోనూ అలా ఉండదు. అక్కడ ఒకే ఒక్క తప్పనిసరి గుర్తు పెట్టండి: “నా వాక్యాలు విన్న స్నేహితుడు పది మేకల్లో నా మేకను గుర్తుపట్టగలడు.” దానికి సహాయంగా, కావాలంటే వాడుకోవచ్చని చెప్పి కొన్ని దారులు చూపించండి: దాని ఒంటి మీద ఏదైనా మచ్చ, కొమ్ముల తీరు, అది చేసే అల్లరి. పరీక్ష కూడా అప్పటికప్పుడే చేయవచ్చు. ఒకరు చదువుతుంటే మరొకరు వింటూ బొమ్మ గీయాలి. గీసేవారికి ఎక్కడ ప్రశ్న వస్తుందో అక్కడ రాసినవారు ఒక వాక్యం చేర్చాలి. “ఒక చెవి చిరిగింది” అని చేర్చిన పిల్లకు వర్ణన అంటే ఏమిటో అర్థమైనట్లే. ఈ పాఠంలో దస్తూరి, అక్షరదోషాలను గుర్తుల్లో చేర్చకండి. చేర్చారంటే పిల్లలు వాటినే పట్టించుకుని, తప్పు లేకుండా రాయగలిగిన చిన్న మాటలే వాడతారు. వాటికి వేరే రోజు ఉంది.

పరిసరాల విజ్ఞానం రెండో తరగతిలో విడిగా కాకుండా భాష, గణితాల్లోనే కలిసి వస్తుంది కనుక అక్కడ లక్ష్యం చెప్పడం కొంచెం గజిబిజిగా అనిపిస్తుంది. ఆకులను వర్గీకరించే పాఠం దీనికి మంచి ఉదాహరణ. వేప, మామిడి, మందార, రావి, తులసి, కరివేపాకు తెప్పించి గుంపులు చేయమంటే పిల్లలు “పచ్చవి, పెద్దవి, వాసన వచ్చేవి” అని మూడు గుంపులు పెడతారు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ పెద్దగా పచ్చగా ఉన్న ఆకును ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చేసరికి గుంపులు కూలిపోతాయి. ఇక్కడ లక్ష్యాన్ని పాఠం మొదట్లోనే చెప్పవద్దని నా సలహా. వాళ్లను పెట్టనివ్వండి, రావి ఆకు దగ్గర వాదన రానివ్వండి. ఆ తర్వాత “ఒకే తేడాను పట్టుకుని గుంపులు చేయడం నేర్చుకుందాం” అంటే ఆ మాట ఎందుకు అవసరమో వాళ్లకు అప్పటికే తెలిసి ఉంటుంది. గుర్తులు కూడా ఆ వాదనలోంచే వస్తాయి: “ఒక్క తేడానే ఎంచుకున్నాను. ప్రతి ఆకుకూ చోటు దొరికింది. ఏ ఆకూ రెండు గుంపుల్లో లేదు.” అంచును ఎంచుకున్న జట్టు వేప, మందారలను రంపపు అంచులో, మామిడి, రావిలను నున్నటి అంచులో పెడుతుంది, తులసి దగ్గర కళ్లు దగ్గరగా పెట్టి చూస్తుంది. (వేపలో రెమ్మ మొత్తం ఒకే ఆకు అని వృక్షశాస్త్రం చెబుతుంది. ఏడేళ్ల పిల్లలకు ఆ సంగతి ఇప్పుడు అవసరం లేదు. ఎవరైనా అడిగితే మాత్రం దాటవేయకండి.)

ఆంగ్లం పీరియడులో లక్ష్యాన్ని తెలుగులో చెప్పడానికి సంకోచించకండి. అర్థం కాని భాషలో చెప్పిన లక్ష్యం చెప్పనట్టే. “వస్తువు పేరు ఇంగ్లీషులో అడగడం, జవాబు చెప్పడం నేర్చుకుంటున్నాం, అడిగినప్పుడు వస్తువును చూపించాను, జవాబులో ‘ఇట్ ఈజ్’ అన్నాను” అంటే సరిపోతుంది. ఆటల పీరియడులో బంతి పట్టడానికి “చేతుల్లో పడేదాకా బంతినే చూశాను” అన్న ఒక్క గుర్తు చాలు. దాన్ని రాయవలసిన అవసరం కూడా లేదు.

ఇప్పుడు బోర్డు సంగతి. లక్ష్యాన్ని, గుర్తులను పిల్లల చేత నోటుపుస్తకంలో ఎక్కించడం చాలా బడుల్లో ఆచారమైంది, దాన్ని మానేయమనే చెబుతాను. రెండో తరగతి పిల్లలు మూడు వాక్యాలు చూసి రాయడానికి పీరియడులో పెద్ద భాగమే పోతుంది, రాస్తున్నంతసేపు వాళ్ల ధ్యాస అక్షరాల మీదే ఉంటుంది. బోర్డు మీద కూడా వాక్యాలతోపాటు చిన్న బొమ్మలు గీయండి: విడి పుల్లలు, కట్ట, పదుల గడి వైపు బాణం. ఇంకా చదవడం రాని పిల్లలు కూడా ఆ బొమ్మను చూసి ఏ మెట్టు మరచిపోయారో పట్టుకుంటారు. గుర్తులు మూడు దాటకూడదు. నాలుగోది అవసరమనిపిస్తే పాఠంలో రెండు లక్ష్యాలు కలిసిపోయాయేమో చూసుకోండి. ఒకటి, రెండు తరగతులు ఒకే గదిలో ఉంటే, ఒకే లక్ష్యం కింద చిన్నవాళ్లకు పుల్లలతో చేసే మొదటి రెండు గుర్తులు, పెద్దవాళ్లకు అంకెలతో మూడూ పెట్టుకోవచ్చు. ప్రతి రోజూ ప్రతి పీరియడుకూ గుర్తులు అక్కరలేదు. కథ వినే పీరియడుకు లక్ష్యం చెప్పి కథను చంపకండి.

పిల్లలకు అందిందో లేదో తెలుసుకోవడానికి “అర్థమైందా?” అని అడగడం వృథా, ముక్తకంఠంతో “అర్థమైంది టీచర్” అంటారు. పని చేస్తున్న పాప పక్కన కూర్చుని, “నువ్వు చేసింది సరిగ్గా వచ్చిందని నీకెలా తెలుస్తుంది?” అని అడగండి. “మీరు టిక్కు పెడతారు” అంటే గుర్తులు ఇంకా మీ దగ్గరే ఉన్నాయి. “కట్ట కలిపాను, ఇదిగో” అని చూపిస్తే అవి ఆ పాప దగ్గరికి చేరాయి. ఒకరిద్దరిని కాక, వెనుక వరుసలో కూర్చునే వారిని కూడా రోజుకు ముగ్గురు నలుగురు చొప్పున అడిగితే వారంలో తరగతి మొత్తం తెలుస్తుంది.

పాఠ్య ప్రణాళికలో మీ అభ్యసన ఫలితం యథాతథంగా ఉండనివ్వండి. అది శాఖకు, మీకు మధ్య ఉండే భాష. దాని కింద ఒక గీత గీసి, పిల్లలకు చెప్పబోయే వాక్యాన్ని, మీరు ఊహిస్తున్న రెండు పొరపాట్లను రాసుకోండి. పాఠం అయ్యాక, పిల్లలు తమ మాటల్లో మార్చిన గుర్తును దాని పక్కన రాయండి. వచ్చే ఏడాది ఇదే పాఠానికి మీరు మొదలుపెట్టవలసింది ఆ వాక్యంతో కాదు, ఆ రెండు పొరపాట్లతో. మాటలు ప్రతి తరగతిలోనూ మారతాయి కానీ, 513, 53 మాత్రం ప్రతి ఏడాదీ వస్తూనే ఉంటాయి.